మ్యాపులో పసుపు పట్టీ: నత్రజని లోపమా, మబ్బు నీడా?

పిలకలు వేస్తున్న వరి చేను మీద డ్రోన్ పావుగంట తిరిగి దిగుతుంది. సాయంత్రానికల్లా రైతు ఫోన్‌లోకి రంగుల మ్యాపు వస్తుంది. చాలావరకు ఆకుపచ్చగా ఉంటుంది కానీ, మధ్యలో తూర్పు నుంచి పడమరకి సాగిన ఒక పసుపు పట్టీ కనిపిస్తుంది. ఆకుపచ్చ అంటే పైరు బాగుందని, పసుపు అంటే బలహీనంగా ఉందని పక్కనే రాసి ఉంటుంది. రైతుకి కావలసిన జవాబు ఒక్కటే. అక్కడ పైపాటుగా యూరియా వెయ్యాలా, వద్దా?

ఆ పట్టీలో పైరు నిజంగానే నత్రజని చాలక పాలిపోయి ఉండొచ్చు. లేదంటే డ్రోన్ ఆ వరస మీదుగా వెళ్తున్న నిమిషంలో సూర్యుడికి మబ్బు అడ్డొచ్చి ఉండొచ్చు. మ్యాపులో రెండూ ఒకే పసుపు. మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఆకుని నేరుగా కొలవదు. ఆకు మీద పడి తిరిగి వచ్చిన ఎండని కొలుస్తుంది. అందుకే ఎంత ఎండ పడిందో తెలియకుండా, తిరిగి వచ్చినదాన్ని బట్టి ఆకు గురించి ఏమీ చెప్పలేం. ఈ ఎండ లెక్క ఎలా తీస్తారో, అది తప్పినప్పుడు ఎలా పట్టుకోవాలో తెలిస్తేనే ఆ మ్యాపుని నమ్మి బస్తా విప్పొచ్చు.

ముందు ఆకు సంగతి చూద్దాం. ఆకులోని పత్రహరితం ఎండలోని ఎరుపుని, నీలాన్ని తన ఆహారం తయారీకి తాగేస్తుంది. నిండుగా ఉన్న వరి చేను తన మీద పడిన ఎరుపు వెలుతురులో నూటికి ఐదు వంతుల వరకే తిప్పి పంపుతుంది. ఎరుపు దాటాక మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతి ఉంటుంది. దాంతో పత్రహరితానికి పని లేదు. ఆకు లోపలి కణాల మధ్య ఉండే గాలి ఖాళీల్లో ఆ కాంతి అటూ ఇటూ చెదిరి, దాదాపు సగం బయటికి వచ్చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పైరులో ఈ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువ. పత్రహరితం తగ్గితే ఎరుపు తిరిగి రావడం పెరుగుతుంది. ఆకులు పలచబడితే పరారుణం తగ్గుతుంది. తేడా కుంచించుకుపోతుంది.

ఈ తేడాని పట్టుకోవడానికి డ్రోన్ కింద పెట్టే కెమెరాలో ఒక్కో రంగుకి ఒక్కో కన్ను ఉంటుంది. పొలం పనుల్లో బాగా వాడిన మైకాసెన్స్ రెడ్‌ఎడ్జ్ కెమెరానే తీసుకుంటే దానికి ఐదు కళ్లు. నీలానికి 475 నానోమీటర్లు, ఆకుపచ్చకి 560, ఎరుపుకి 668, సమీప పరారుణానికి 840 దగ్గర ఒక్కోటి. ఎరుపు, పరారుణం కలిసే అంచులో 717 దగ్గర మరొకటి. దీన్ని రెడ్ ఎడ్జ్ అంటారు. దీని అవసరం తర్వాత వస్తుంది. ఒకే క్షణంలో ఐదు కళ్లూ ఐదు నలుపు తెలుపు ఫొటోలు తీస్తాయి. రంగుల మ్యాపు ఆ తర్వాత కంప్యూటర్‌లో పుట్టేదే.

ఎరుపు, పరారుణం ఫొటోల్లోని అంకెలతో చేసే లెక్కే అందరికీ తెలిసిన ఎన్‌డీవీఐ:

NDVI = (NIR − Red) / (NIR + Red)

ఈ సూత్రం పుట్టింది కూడా ఎండ తెచ్చిన చిక్కులోంచే. 1972లో అమెరికా తొలి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపాక, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జాన్ రౌజ్ బృందం గ్రేట్ ప్లెయిన్స్ గడ్డి మైదానాలను ఆ ఫొటోల్లో కొలవబోయింది. దక్షిణాన టెక్సస్ నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యుడి ఎత్తు మారిపోతుంది. ఒకే రకం గడ్డి కూడా ఒక్కో చోట ఒక్కో వెలుగులో కనిపించింది. రెండు రంగుల తేడాని వాటి మొత్తంతో భాగిస్తే, రెండింటికీ సమానంగా వచ్చిన హెచ్చుతగ్గులు కొట్టుకుపోతాయి. ఎండ సగానికి పడితే పైనా సగమే, కిందా సగమే. జవాబు మారదు.

ఇక్కడే చాలామంది ఒక తొందరపాటు నిర్ణయానికి వస్తారు. ఎండ మార్పుని సూత్రమే చూసుకుంటుంది కాబట్టి ఇంకే జాగ్రత్తా అక్కర్లేదనుకుంటారు. కానీ సూత్రం క్షమించేది రెండు రంగులూ ఒకే నిష్పత్తిలో మారినప్పుడే. డ్రోన్ కెమెరాలో అలా జరగదు. ఎరుపు కన్ను, పరారుణం కన్ను వేటికవే తమ ఎక్స్‌పోజర్ నిర్ణయించుకుంటాయి. చేను ఎరుపులో చీకటిగా ఉంటుంది కాబట్టి ఆ కన్ను ఎక్కువసేపు తెరుచుకుంటుంది, పరారుణం కన్ను తక్కువసేపు. రెండు కళ్ల సున్నితత్వమూ ఒకటి కాదు. పైగా ఎండలోనే ఎరుపు ఎంత, పరారుణం ఎంత అన్న పాళ్లు పొద్దుని బట్టి, గాలిలోని తేమని బట్టి, మబ్బుని బట్టి మారుతుంటాయి. ఫొటోలోని పచ్చి అంకెలని తెచ్చి సూత్రంలో వేస్తే ఏదో ఒక సంఖ్య వస్తుంది. దాన్ని గత వారం సంఖ్యతోనో, పక్క ఊరి చేనుతోనో పోల్చడానికి వీల్లేదు.

అందుకే డ్రోన్ ఎగరేసే ముందు గట్టు మీద ఒక బూడిద రంగు పలకని పెడతారు. దాన్నే కాలిబ్రేషన్ ప్యానెల్ అంటారు. అరచేయంత ఉంటుంది. మెరుపు లేకుండా, అన్ని వైపులకీ ఒకేలా కాంతిని చెదరగొట్టే ఉపరితలం. ఏ రంగులో నూటికి ఎన్ని వంతులు తిప్పి పంపుతుందో ల్యాబులో కొలిచి, ఆ అంకెలని ప్యానెల్‌తో పాటే ఇస్తారు. మామూలుగా యాభైకి అటూ ఇటూ ఉంటాయి. కొట్టులో తక్కెడకి పడికట్టు రాయి ఎలాంటిదో కెమెరాకి ఇది అలాంటిది. దాని బరువు ముందే తెలుసు కాబట్టి, దానితో తూచి మిగతావన్నీ చెప్పొచ్చు.

లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. అంకెలు సులువుగా ఉండేట్టు అనుకున్నవే, పద్ధతి మాత్రం అసలుదే. ప్యానెల్ రెండు రంగుల్లోనూ 0.50 తిప్పి పంపుతుందనుకుందాం. ఎక్స్‌పోజర్ తేడాలు, లెన్సు అంచుల్లో వచ్చే మసక సవరించాక, ప్యానెల్ ఫొటోలో ఎరుపు 20,000 అని, పరారుణం 16,000 అని వచ్చింది. చేను మీద ఒకచోట ఎరుపు 2,000, పరారుణం 14,400 వచ్చాయి. ఎరుపులో 20,000 అంటే 0.50 అయినప్పుడు 2,000 అంటే 0.05. పరారుణంలో 16,000 అంటే 0.50 అయినప్పుడు 14,400 అంటే 0.45. ఇప్పుడు సూత్రంలో వేస్తే 0.40ని 0.50తో భాగించాలి, ఎన్‌డీవీఐ 0.80. ప్యానెల్ లేకుండా పచ్చి అంకెలనే వేసి ఉంటే 0.76 వచ్చేది. అదే చేను, అదే క్షణం. ఈ నాలుగు పాయింట్ల తేడాకే చాలా మ్యాపుల్లో రంగు మారిపోతుంది.

ప్యానెల్ ఫొటో తియ్యడం నిమిషం పని. కానీ ఆ నిమిషంలో చేసిన తప్పు చేనంతటికీ అంటుకుంటుంది. ఎందుకంటే ప్రతి అంకెనీ భాగించేది దాంతోనే. దాన్ని గట్టు మీద ఎత్తుగా పెరిగిన గడ్డి మధ్య పెట్టారనుకోండి. గడ్డి చుట్టూ నిలబడి కొంత ఆకాశాన్ని కప్పేస్తుంది, దానికి తోడు తన పరారుణాన్ని ప్యానెల్ మీదికి విసురుతుంది. ప్యానెల్ మీద లేని పరారుణం ఉన్నట్టు లెక్క తేలుతుంది. దాంతో చేను పరారుణం తక్కువగా కనిపించి, ఎన్‌డీవీఐ మొత్తంగా కిందికి జారుతుంది. వంగి ఫొటో తీసే మనిషి చొక్కా కూడా ఇదే పని చేస్తుంది. మన కంటికి నల్లగా కనిపించే అద్దకం బట్టలు చాలావరకు పరారుణంలో తెల్లగా వెలుగుతాయి. నల్ల చొక్కా వేసుకున్నాను, ఫరవాలేదు అనుకోవడానికి లేదు.

కాబట్టి ప్యానెల్‌ని గడ్డి కంటే ఎత్తుగా ఉండేలా ఒక పీట మీద పెట్టాలి. పీట అటూ ఇటూ ఒరగకుండా సమంగా ఉండాలి. సూర్యుడు నడినెత్తి నుంచి 35 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు, ప్యానెల్ సూర్యుడి వైపు 5 డిగ్రీలు ఒరిగినా దాని మీద పడే ఎండ ఐదారు శాతం పెరుగుతుంది. మనిషి నీడ, డ్రోన్ నీడ దాని మీద పడకూడదు. ఫొటో తీశాక చేతిలోని తెరలో చూడాలి. ప్యానెల్ పూర్తిగా తెల్లబారి కనిపిస్తే ఆ ఫొటో పనికిరాదు, కన్ను నిండిపోయి అంకె ఆగిపోయిందని అర్థం. పని అయ్యాక దాన్ని వెంటనే పెట్టెలో పెట్టేయాలి. వేలిముద్రలు, బురద చుక్కలు పడితే ల్యాబు ఇచ్చిన అంకెలకి విలువ ఉండదు. వాడేకొద్దీ ఉపరితలం పాతబడుతుంది కాబట్టి అప్పుడప్పుడు మళ్లీ కొలిపించాలి కూడా. ఖర్చు తగ్గుతుందని బూడిద రంగు కాగితం ప్రింటు తీసి వాడే వాళ్లున్నారు. చాలా ప్రింటర్ సిరాలు పరారుణంలో దాదాపు మాయమైపోతాయి, కింద తెల్ల కాగితమే కనిపిస్తుంది. అలాంటి కొలమానం కంటే అసలు కొలవకపోవడం నయం.

ప్యానెల్ చెప్పేది తాను ఫొటో దిగిన క్షణం సంగతి. డ్రోన్ ఎగిరేది పావుగంట. ఖరీఫ్‌లో మన డెల్టా ఆకాశం పావుగంట ఒక్కలా ఉండదు. పై లెక్కనే కొనసాగిద్దాం. ప్యానెల్ ఫొటో మంచి ఎండలో తీశాం. ఐదు నిమిషాల తర్వాత ఒక మబ్బు సూర్యుడి ముందుకి వచ్చింది. చుట్టూ ఆకాశం మాత్రం నీలంగానే ఉంది. ఇప్పుడు చేను మీద పడేది ఎక్కువగా ఆకాశపు వెలుతురు. దానిలో నీలం ఎక్కువ, పరారుణం పాలు తక్కువ. ఎరుపు ముప్పై శాతానికి, పరారుణం ఇరవై ఐదు శాతానికి పడిపోయాయనుకుందాం. చేనులో అదే చోట ఎరుపు అంకె 600, పరారుణం 3,600 అవుతాయి. పాత ప్యానెల్‌తో లెక్కిస్తే ఎరుపు 0.015, పరారుణం 0.1125. ఎన్‌డీవీఐ 0.76.

ఆకు మారలేదు. మడిలో నీరు మారలేదు. 0.80 కాస్తా 0.76 అయింది. మబ్బు దాటేలోపు డ్రోన్ ఎంత దూరం పోయిందో అంత పొడవున, దాని వరస ఎంత వెడల్పో అంత వెడల్పున పసుపు పట్టీ పడింది. మొదట్లో చూసిన పట్టీ ఇలాంటిదే కావచ్చు.

దీనికి విరుగుడుగా డ్రోన్ నెత్తిన ఒక చిన్న సెన్సర్ పెడతారు. కింది కెమెరా చేనుని చూస్తుంటే పైనున్న ఈ సెన్సర్ ఆకాశాన్ని చూస్తూ, ప్రతి ఫొటోకీ ఏ రంగు వెలుతురు ఎంత దిగుతోందో రాసిపెడుతుంది. మబ్బు వచ్చినప్పుడు ఎరుపు 30 శాతానికి, పరారుణం 25 శాతానికి పడ్డాయని అది చెబితే, ఆ మేరకు హెచ్చవేసి మళ్లీ 0.80కి రావచ్చు. వినడానికి ఇంతటితో చిక్కు తీరినట్టే ఉంటుంది. నిజానికి ఈ సెన్సర్‌ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో తెలియడమే ఈ పనిలో అసలైన నేర్పు.

డ్రోన్ ముందుకి పోయేటప్పుడు ముందుకి వంగుతుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా వంగుతుంది. దాంతో పాటు సెన్సరూ వంగుతుంది. సూర్యుడు 35 డిగ్రీలు వాలి ఉండగా సెన్సర్ పది డిగ్రీలు సూర్యుడి వైపు వంగితే, నేరు ఎండని ఉన్నదానికంటే 11 శాతం ఎక్కువగా చదువుతుంది. తిరుగు వరసలో సూర్యుడికి ఎడంగా వంగినప్పుడు 14 శాతం తక్కువగా చదువుతుంది. ఆ చదువుతో ఫొటోలని సవరిస్తే ఒక వరస చీకటిగా, పక్క వరస వెలుగుగా, దుక్కి దున్నినట్టు చారలు పడతాయి. వంపుని లెక్కలోకి తీసుకునే సెన్సర్లు ఇప్పుడున్నాయి, చారలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఆకాశమంతా సమంగా మబ్బు కమ్మితే మాత్రం ఈ గొడవే లేదు. వెలుతురు అన్ని వైపుల నుంచీ దిగుతుంది కాబట్టి కొంచెం వంగినా చదువు మారదు.

మబ్బుల నీడ అంచుల దగ్గర ఇంకో విచిత్రం ఉంది. డ్రోన్ 60 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. సూర్యుడు 35 డిగ్రీలు వాలి ఉంటే, డ్రోన్ నెత్తిన పడే కిరణం డ్రోన్ లేకపోతే నేల మీద పడే చోటు దాని కింద కాదు, 42 మీటర్లు పక్కన. అంటే సెన్సర్ చెప్పేది 42 మీటర్ల అవతలి చేను మీది ఎండ గురించి. కెమెరా చూస్తున్నది సరిగ్గా కింద ఉన్న చేనుని. మబ్బు నీడ అంచు ఈ రెండింటి మధ్య ఉంటే, కింద నీడ ఉన్నా సెన్సర్ ఎండ ఉందనే రాస్తుంది. ఆ సవరణ తప్పుని దిద్దకపోగా కొత్త తప్పుని చేరుస్తుంది.

వీటన్నిటినీ బట్టి నా అభిప్రాయం ఇది. ఆకాశం తేటగా ఉంటే ప్యానెల్‌నే ఆధారం చేసుకోవాలి. ఎగిరే ముందు ఒకసారి, దిగాక ఒకసారి తీసి, రెండూ దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి. ఆకాశమంతా ఒకేలా ముసురుపట్టి ఉంటే ప్యానెల్‌తో పాటు సెన్సర్‌ని నమ్మొచ్చు. ఎండ, నీడ మారి మారి వస్తుంటే డ్రోన్‌ని పెట్టెలోనే ఉంచి గట్టు మీద కూర్చోవాలి. డబ్బు పెట్టి పిలిపించిన రైతుకీ, ఇంకో ఊరు పోవలసిన కుర్రాడికీ ఇది కష్టమైన మాటే. అయినా వచ్చిన రోజు ఎగరెయ్యకుండా వెనక్కి పోగల మనిషి మ్యాపునే నేను నమ్ముతాను.

వేళ విషయంలోనూ చల్లని దేశాల పుస్తకాలని ఉన్నదున్నట్టు పాటిస్తే మనకి నష్టం. సూర్యుడు బాగా ఎత్తున ఉండి నీడలు పొట్టిగా ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం ఎగరెయ్యమని వాటిలో ఉంటుంది. కాన్సస్‌లోనో జర్మనీలోనో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి రాడు. బాపట్ల దాదాపు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఆగస్టు రెండో వారం మొదట్లో అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తిన ఉంటాడు. నెలాఖరుకి కూడా ఏడెనిమిది డిగ్రీలే తేడా. సరిగ్గా అప్పుడే మన వరి మడుల్లో నీరు నిలిచి ఉంటుంది, పిలకల సందుల్లోంచి ఆ నీరు పైకి కనిపిస్తుంటుంది.

నిలువుగా కిందికి చూసే కెమెరాకి ఆ నీటిలో సూర్యుడు అద్దంలోలా కనిపిస్తాడు. ఆ తళుకులో ఎరుపూ పరారుణమూ రెండూ ఎగబాకుతాయి, వాటి తేడా అల్పమైపోతుంది, ఎన్‌డీవీఐ సున్నా వైపు జారుతుంది. మంచి పైరు ఉన్న చోటే చచ్చిపోయినట్టు మచ్చ పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. విడి ఫొటోల్లో డ్రోన్ నీడ కనిపిస్తోందేమో చూడండి. నీడ ఫొటో మధ్య నుంచి ఒక పక్కకి ఎంత దూరంలో ఉంటే, తళుకు సరిగ్గా ఎదుటి పక్కకి అంతే దూరంలో ఉంటుంది. నీడ ఫొటోలో ఉందంటే తళుకూ ఉన్నట్టే. నీడ పడిన చోటైనా బాగుంటుందా అంటే అదీ లేదు. దాని చుట్టూ ఆకుల నీడలన్నీ ఆకుల వెనకే దాక్కుంటాయి కాబట్టి ఆ ముక్క మిగతా చేను కంటే ప్రకాశంగా వస్తుంది.

పైన చెప్పిన కెమెరా చూపు అడ్డంగా 47 డిగ్రీలు, మూలల దాకా లెక్కేసినా నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు దాటదు. డ్రోన్ వంపుకి కొంత వదిలేసి, సూర్యుడు 35 డిగ్రీలు వాలి ఉన్నప్పుడు ఎగరేస్తే తళుకు చాలావరకు ఫొటోలోకి రాదు. ఆగస్టు నెలాఖరులో బాపట్ల దగ్గర అది ఉదయం పది గంటలకి ఓ పావుగంట ముందు. అప్పటికి ఆకుల మీద మంచు చాలావరకు ఆరిపోయి ఉంటుంది. మధ్యాహ్నం లేచే మబ్బులు ఇంకా లేచి ఉండవు. మన ఖరీఫ్ వరికి అదే మంచి వేళ.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నారో లేదో మ్యాపు అందుకున్న రైతుకి తెలియదు. అయినా మ్యాపుని చూసి చాలావరకు చెప్పొచ్చు. పైరు కష్టాలు పొలం గీతల వెంట పోతాయి. నీరు అందని మెరక మడి గట్టు దగ్గర ఆగుతుంది. యూరియా చల్లడంలో వచ్చిన తేడా, చల్లిన మనిషి నడిచిన బాట వెంట ఉంటుంది. సుడిదోమ గుండ్రంగా మొదలై పాకుతుంది. వెలుతురు తప్పులు మాత్రం డ్రోన్ దారి వెంట పోతాయి, గట్టుని లెక్కచెయ్యవు. ఒక మడిలోంచి పక్క మడిలోకి, అక్కడి నుంచి పక్క రైతు చేనులోకి తిన్నగా సాగి, ఎగరేసిన హద్దు దగ్గర ఠక్కున ఆగే పట్టీని అనుమానించాల్సిందే. తళుకు మచ్చలైతే సమాన దూరాల్లో వరసగా కనిపిస్తాయి.

ఆ అనుమానంతో రైతు అడిగితే మాట ఇలా నడుస్తుంది.

"ఏం బాబూ, ఈ పసుపు గీత మా మడి దాటి వెంకటప్పయ్య బాబాయి చేలోకి పోయిందేంటి? ఆయనా నేనూ ఒకే రోజు నాటలేదు, ఒకే మందు వెయ్యలేదు."

"ఒక్క నిమిషం అండీ, ఆ వరసలో సెన్సర్ లెక్క చూస్తాను... అవునండీ, సరిగ్గా అక్కడే వెలుతురు పడిపోయింది. రేపు పొద్దున మళ్లీ ఎగరేస్తా."

డ్రోన్ కుర్రాడు చూసింది ఒక గ్రాఫు. ప్రతి ఫొటోకీ సెన్సర్ రాసిన వెలుతురు అందులో ఉంటుంది. గీత తిన్నగా ఉంటే మంచిది. గుంటలు పడిన చోట తీసిన ఫొటోలు మ్యాపులో ఎక్కడున్నాయో చూస్తే సరిపోతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. మ్యాపులో పైరు కాని, మారని వస్తువు ఏదైనా ఉండాలి. సిమెంటు రోడ్డో, కళ్లమో, కాలువ తూము గోడో. వారం తేడాతో తీసిన రెండు మ్యాపుల్లో పొడిగా ఉన్న ఆ సిమెంటు ఒకే ప్రతిఫలనాన్ని చూపించాలి. అది మారిందంటే పైరు మారిందో లేదో చెప్పడానికి ఆ రెండు మ్యాపులకీ అర్హత లేదు.

వెలుతురు లెక్క తేలి, పట్టీ అయినా అలాగే నిలిచిందనుకుందాం. అప్పుడది పైరుదే. ఏం జరిగిందో మాత్రం ఎన్‌డీవీఐ చెప్పదు. నత్రజని లోపమైనా, జింకు లోపమైనా, నీటి ఎద్దడైనా ఒకటే పసుపు. అటువైపు మడి నిండా ఊద గడ్డి పెరిగితే అదీ ముదురు ఆకుపచ్చే. నాట్లు వేసిన కొత్తలో నీరే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మొక్క బాగున్నా సూచిక తక్కువే వస్తుంది. పైరు కమ్ముకున్నాక దీనికి వ్యతిరేకమైన చిక్కు వస్తుంది. ఆకు మీద ఆకు మూడు పొరలు దాటితే పై పొరలే దాదాపు ఎరుపంతా తాగేస్తాయి. ఆపైన పైరు ఇంకా ఒత్తయినా ఎన్‌డీవీఐ పెద్దగా పెరగదు. చిరుపొట్ట దశలో నత్రజని సంగతి తెలియాలంటే రెడ్ ఎడ్జ్ కన్ను కావాలి. సూత్రంలో ఎరుపు స్థానంలో రెడ్ ఎడ్జ్ వేస్తే వచ్చేది ఎన్‌డీఆర్‌ఈ. ఆ అంచు కాంతిని పత్రహరితం కొంచెమే తాగుతుంది కాబట్టి అది కింది ఆకుల దాకా దిగుతుంది, ఎన్‌డీవీఐ ఆగిపోయిన చోట ఇది ఇంకా తేడా చూపుతుంది. ఆ దశలో ఎన్‌డీవీఐ మ్యాపు మాత్రమే ఇస్తే రెండోది కూడా అడిగి తీసుకోవాలి.

యూరియా నిర్ణయానికి ఇంకో తోడు చేలోనే ఏర్పాటు చేసుకోవచ్చు. ఒక మూల సన్నటి పట్టీకి నత్రజని కొరత రాకుండా ముందే నిండుగా వేసి ఉంచాలి. డ్రోన్ ఫొటోల్లో మిగతా చేనుని ఆ పట్టీతో పోలిస్తే, రెండింటి మీదా పడింది అదే రోజు ఎండ కాబట్టి వెలుతురు చిక్కు చాలావరకు తగ్గుతుంది. చేను ఆ పట్టీకి దాదాపు సమానంగా ఉంటే ఇప్పుడు బస్తా అవసరం లేదు.

చివరికి పసుపు చోటులోకి దిగి చూడాల్సిందే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకు రంగుల పట్టికని తీసుకోవాలి. లేత ఆకుపచ్చ నుంచి ముదురు దాకా నాలుగు గడులుండే చిన్న ప్లాస్టిక్ పలక అది. పూర్తిగా విచ్చుకున్న పై ఆకుని తెంపకుండా దాని మీద ఆనించి, మధ్య భాగం రంగు ఏ గడికి సరిపోతుందో చూడాలి. చూసేటప్పుడు సూర్యుడికి వీపు పెట్టి, ఆకు మీద తన నీడ పడేలా నిలబడాలి. ఎండ నేరుగా పడితే రంగు వేరుగా కనిపిస్తుంది. ప్రతిసారీ అదే మనిషి, అదే వేళకి చూస్తే మంచిది. పసుపు పట్టీలో పది మొక్కలు, బాగున్న చోట పది మొక్కలు చూస్తే చాలు. పట్టీలో సగానికి పైగా ఆకులు ఆ రకం వరికి చెప్పిన గడి కంటే పాలిపోయి ఉండి, బాగున్న చోట లేకపోతే అక్కడికి మాత్రమే యూరియా వెయ్యాలి. రెండు చోట్లా ఆకులు ఒకే గడికి వస్తే లోపం నత్రజనిది కాదు. అప్పుడు దుబ్బు విడదీసి మొదట్లో దోమ ఉందేమో, వేళ్లు నల్లబడ్డాయేమో, కింది ఆకుల మీద తుప్పు మచ్చలున్నాయేమో చూడాలి.